టచ్ ప్యానెల్ కొంటున్నారా? ‘పెన్ క్యాలిబ్రేషన్’ చార్జీ కట్టే ముందు ఇది చూడండి

మా పాఠశాలలో పదో తరగతి గదికి 65 అంగుళాల ఇంటరాక్టివ్ ప్యానెల్ కొన్నాం. అమ్మిన సంస్థ పేరు రాయడం లేదు. వాళ్లు మమ్మల్ని ఎక్కడ తిప్పలు పెట్టారో తెలిస్తే మీకు చాలు.

బిగించిన రోజు వచ్చిన కుర్రవాడు ప్యానెల్‌లోనే ఉండే ఆండ్రాయిడ్ తెరిచాడు. వైట్‌బోర్డు మీద రంగురంగుల గీతలు గీశాడు, భూగోళాన్ని వేలితో గిరగిరా తిప్పాడు, సంతకం పెట్టమన్నాడు. ల్యాప్‌టాప్ జోలికి పోలేదు. ఆండ్రాయిడ్‌లో టచ్ ఎంత బాగా పనిచేసినా, అది ల్యాప్‌టాప్‌తో పనిచేస్తుందనడానికి రుజువు కాదు. ఆ దారి వేరు.

మర్నాడు లెక్కల మాస్టారు తన ల్యాప్‌టాప్ కలిపి, ఇన్‌పుట్ మెనూలో HDMI 1 ఎంచుకున్నారు. బొమ్మ వచ్చింది, శబ్దం వచ్చింది. పెన్ను మాత్రం కదలదు. ఫోను చేస్తే ఠక్కున జవాబు: ‘పెన్ క్యాలిబ్రేషన్ పోయింది సార్, మనిషిని పంపాలి, సర్వీసు చార్జీ అవుతుంది.’

క్యాలిబ్రేషన్ అంటే పెన్ను పెట్టిన చోటే గీత పడేలా సరిచేయడం. మా ప్యానెల్ పెన్నులో బ్యాటరీ కూడా లేదు, అది వట్టి పుల్ల. తెర అంచుల్లోని పరారుణ కిరణాలకు ఏది అడ్డొస్తే దాన్ని ప్యానెల్ స్పర్శగా లెక్కిస్తుంది. వేలైనా ఒకటే, పెన్నైనా ఒకటే. ఆండ్రాయిడ్‌లో చక్కగా రాస్తున్న పెన్ను ల్యాప్‌టాప్ దగ్గరికి రాగానే క్యాలిబ్రేషన్ ఎలా పోగొట్టుకుంటుంది?

అసలు సంగతి ఏమిటంటే హెచ్‌డీఎంఐ కేబుల్ బొమ్మను, శబ్దాన్ని ల్యాప్‌టాప్ నుంచి ప్యానెల్‌కు తీసుకెళ్తుంది, అంతే. మీరు ఎక్కడ ముట్టుకున్నారన్న కబురు వెనక్కి రావాలంటే ప్యానెల్ మీద TOUCH అని రాసి ఉన్న చదరపు రంధ్రం నుంచి ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ కేబుల్ ఉండాలి. మా గోడలో వాళ్లు వేసింది హెచ్‌డీఎంఐ ఒక్కటే. (టైప్-సి ఉన్న ప్యానెల్‌కైతే ఒక్క కేబుల్ సరిపోవచ్చు, కానీ ల్యాప్‌టాప్ టైప్-సి రంధ్రం వీడియో కూడా పంపగలగాలి. చాలా చవక ల్యాప్‌టాప్‌లలో అది చార్జింగుకో డేటాకో మాత్రమే.)

దీన్ని మీరే తేల్చుకోవచ్చు. విండోస్‌లో Settings, System, About తెరిచి Pen and touch అన్న వరుస చూడండి. టచ్ తెర లేని మామూలు ల్యాప్‌టాప్‌లో No pen or touch input is available for this display అని ఉంటే, స్పర్శ కబురు కంప్యూటర్‌కు చేరడమే లేదు. అలాంటప్పుడు ఎవరొచ్చి ఏం క్యాలిబ్రేట్ చేసినా దండగ. ముందు కేబుల్ చూడండి. కేబుల్ ఉంటే, అది ఎంచుకున్న ఇన్‌పుట్‌కు జతగా ఇచ్చిన TOUCH రంధ్రంలోనే ఉందో లేదో చూడండి.

గట్టిగా అడిగితే యూఎస్‌బీ కేబుల్ తెచ్చారు, టేబుల్ దాకా పదిమీటర్లది. టచ్ కాసేపు వస్తుంది, కాసేపు పోతుంది. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌కు 5 మీటర్లే హద్దు. అంతకు మించితే మధ్యలో సంకేతాన్ని బలపరిచే యాక్టివ్ కేబుల్ వాడాలి.

అదీ మార్పించాక పెన్ను పలికింది, కానీ గీత పక్కకు పడుతోంది. మళ్లీ అదే పాట, క్యాలిబ్రేషన్! ఇక్కడ కాస్త నిదానంగా చూడండి. తెర నడుమ గీత సరిగ్గా పెన్ను కిందే పడుతోంది. అంచుల వైపు జరిగే కొద్దీ లోపలికి తప్పుతోంది. మాస్టారి ల్యాప్‌టాప్ తెర వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:10, ప్యానెల్‌ది 16:9. రెండు తెరలకూ ఒకే బొమ్మ పంపే Duplicate పద్ధతిలో ప్యానెల్‌కు రెండు పక్కలా దాదాపు ఏడేసి సెంటీమీటర్ల నల్లపట్టీలు వచ్చాయి. విండోస్ మాత్రం అద్దం మొత్తాన్ని బొమ్మగానే లెక్కిస్తుంది. అందుకే బొమ్మ అంచున పెన్ను పెడితే గీత ఆరు సెంటీమీటర్ల లోపల పడుతోంది. విండోస్ మీట, P కలిపి నొక్కి Second screen only ఎంచుకున్నాం, రిజల్యూషన్ 1920 × 1080 పెట్టాం. పట్టీలు పోయాయి, తేడా పోయింది.

రెండు తెరల మీదా వేర్వేరు బొమ్మలు చూపే Extend పెట్టుకునేవారికి ఇంకో చిక్కు ఉంది. ప్యానెల్ మీద రాస్తే గీత ల్యాప్‌టాప్ తెర మీద పడవచ్చు. విండోస్, R కలిపి నొక్కి ఇది టైపు చేయండి:

```
multidigimon.exe -touch
```

తెల్లతెర మీద సూచన వస్తుంది. అది ప్యానెల్ మీద కనిపిస్తే అక్కడే ముట్టుకోండి, ల్యాప్‌టాప్ మీద కనిపిస్తే ఎంటర్ నొక్కి ముందుకు పొండి.

కొటేషన్‌లోనే టచ్ కేబుల్, దాని పొడవు, యాక్టివ్ అవునో కాదో రాయించుకోండి. గోడలో గొట్టం పూడ్చేది ఆ తర్వాతే. మీ ల్యాప్‌టాప్‌తో, ఆ టేబుల్ దగ్గరి నుంచే, నాలుగు మూలల్లో గీత గీసి చూసేదాకా చివరి వాయిదా ఆపండి. మా దగ్గర ఆ వాయిదా ఇంకా మిగిలి ఉండబట్టే యాక్టివ్ కేబుల్ వాళ్ల ఖర్చుతో వచ్చింది, ‘క్యాలిబ్రేషన్’ చార్జీ బిల్లులోంచి పోయింది.