షుగర్ ఉన్నవాళ్లకు చ్యవన్‌ప్రాశ్ కొనేముందు డబ్బా మీది స్టిక్కర్ పీకి చూడండి

హన్మకొండ చౌరస్తా దగ్గర మూలికల దుకాణంలో రెండు వారాల కింద కిలో చ్యవన్‌ప్రాశ్ కొన్నాను, 480 రూపాయలు. చలికి బాపు దగ్గుతున్నాడని. ఆయనకు ఆరేళ్లుగా షుగర్ ఉందని ముందే చెప్పాను. ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పాను. "చక్కెర అసలే లేదక్కా, బెల్లం, తేనె, అంతే. ఒక్క చెంచాల ఇరవై నారింజల సి విటమిన్ ఉంటది" అన్నాడు దుకాణదారు. డబ్బా మీద పచ్చ స్టిక్కర్ కూడా ఉంది, "షుగర్ వారికి కూడా" అని. నమ్మాను.

బాపు పొద్దున రెండు చెంచాలు, రాత్రి రెండు చెంచాలు తిన్నాడు. ఆరేళ్లుగా చాయ్‌లో కూడా చక్కెర ముట్టని మనిషి. "తియ్యగా ఉంది బిడ్డా, తినొచ్చా?" అని అడిగితే "షుగర్ వాళ్లదే బాపు, తిను" అన్నది నేనే. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతోంది.

నిన్న పరీక్ష చేయిస్తే పరగడుపున 214. అంతకుముందు నెల 128. డాక్టర్ గారు మాత్ర పెంచబోయి ఆగి, కొత్తగా ఏమైనా తింటున్నారా అని అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది ఈ డబ్బా. ఇంటికొచ్చి స్టిక్కర్ మీద తడిగుడ్డ పెట్టి ఒలిచాను. దాని కింద కంపెనీ వాళ్లు అచ్చువేసిన మాటలే ఉన్నాయి: "గుడము, మధువు తగినంత. మధుమేహం ఉన్నవారు వైద్యుని సలహాతో వాడాలి." సరిగ్గా ఆ రెండు వరుసల మీదే స్టిక్కర్ అతికించాడు!

డబ్బా పట్టుకుని వెళ్తే దుకాణంలో పదిమంది ముందు, "బెల్లం చక్కెర ఎట్లయితదక్కా? మీ బాపు ఏ పెండ్లిల లడ్డూలు తిన్నడో, వచ్చి నా మీద పడుతున్నవ్. సగం తిన్నంక వాపసు ఎవడిస్తడు?" అన్నాడు. ముసలాయనను పట్టుకుని ఆ మాట. నాకు నోట మాట రాలేదు, వణుకుతూ బయటికొచ్చాను.

అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తాను. బెల్లంలో ఎక్కువ భాగం ఉండేది చక్కెరలో ఉండే సుక్రోజే. తేనెలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్. రక్తంలో షుగర్‌ను పెంచేవే అన్నీ. చ్యవన్‌ప్రాశ్ లేహ్యం. ఉసిరి గుజ్జును నెయ్యిలో వేయించి, పాకంలో ఉడికించి, మూలికల పొడులు, తేనె కలుపుతారు. ఆ పాకం వల్లే అది చిక్కబడుతుంది, పాడవకుండా నిలుస్తుంది. మామూలు డబ్బాల్లో తూకంలో సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తీపే ఉంటుంది. చిక్కటి లేహ్యం నిండు చెంచా 15 గ్రాములు తూగుతుంది (ఇంట్లో కాటాలో పెట్టి చూశాను). నాలుగు చెంచాలంటే 60 గ్రాములు, అందులో సగం లెక్కేసినా 30 గ్రాముల తీపి. బాపు చాయ్‌లో మానేసిన చక్కెర రోజుకు ఆరేడు చెంచాలు నా చేత్తో పెట్టినట్టు.

సి విటమిన్ మాట కూడా తేల్చాలి. ఉసిరి గొప్ప కాయే, కాదనను. పచ్చి ఉసిరి 100 గ్రాములకు 600 మిల్లీగ్రాములని పాత పుస్తకాల్లో ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో అది 250 దరిదాపుల్లోనే ఉంది. అయినా చాలా ఎక్కువే, ఎందుకంటే పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 65 నుంచి 80. కానీ అదంతా పచ్చికాయ లెక్క. సి విటమిన్ వేడికి పోతుంది, నీళ్లలోకి దిగిపోతుంది. అన్నిసార్లు ఉడికిన లేహ్యంలో ఎంత మిగిలిందో పచ్చికాయ పేరు చెప్పి లెక్కగట్టలేం. 35 గ్రాముల ఉసిరికాయ ఒక్కటి ఉప్పుతో నమిలితే రోజుకు సరిపోయేంత వస్తుంది, చక్కెర లేకుండా. మన దగ్గర కార్తీకం నుంచి సంక్రాంతి దాకా బండ్ల మీద దొరికేదానికి నేను 480 పెట్టాను.

ఇంకో మాట. చాలా డబ్బాలు ఆయుర్వేద మందు లైసెన్స్‌తో వస్తాయి కాబట్టి బిస్కెట్ ప్యాకెట్ మీద ఉన్నట్టు పోషకాల పట్టిక ఉండకపోవచ్చు. వెనక చిన్న అక్షరాల్లో శర్కర, ఖండ, గుడ, మధు అని వెతకండి, అవన్నీ తీపే. చక్కెర బదులు సార్బిటాల్, మాల్టిటాల్ వేసినవీ ఉన్నాయి. మాల్టిటాల్ షుగర్‌ను కొంత పెంచుతుంది, రెండింట్లో ఏది ఎక్కువ తిన్నా విరేచనాలవుతాయి. ఇప్పటికే తింటుంటే మిషన్‌తో తినకముందు ఒకసారి, రెండు గంటల తర్వాత ఒకసారి చూడండి. మాత్రలు మాత్రం సొంతంగా పెంచకండి.

బాపు ఇవాళ్టి నుంచి మానేశాడు. డబ్బా, ఒలిచిన స్టిక్కర్ రెండూ దాచాను, సోమవారం వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఇస్తున్నాను. ఆ పచ్చ స్టిక్కర్ డబ్బా మీ ఇంట్లోనూ ఉంటే బిల్లు పారేయకండి.