టైటిల్లో ౭ పెట్టాలా, 7 పెట్టాలా? రెండూ చాలాకాలం వాడాక నా సమీక్ష

ముందే చెప్పేస్తాను, వీడియో టైటిల్లో 7 అనే రాయండి, తెలుగు ఏడు అంకె ౭ మీద ఇష్టం ఉంటే దాన్ని థంబ్‌నెయిల్లో పెద్దగా వేయండి. తెలుగు అంకెలంటే నాకు చాలా ఇష్టం, అయినా ఈ మాటే చెబుతున్నాను.

మాది విజయనగరం. మా మావయ్య రిటైరైన తెలుగు మాస్టారు, పోతన భాగవతం పద్యాలు రాగయుక్తంగా చదివి అర్థం చెబుతారు, నేను రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడతాను. భాగవతం అంటే పన్నెండు స్కంధాలు, ఒక్కో కథ మళ్లీ నాలుగైదు భాగాలుగా వస్తుంది కాబట్టి మా టైటిళ్లలో అంకె లేనిదే పని జరగదు. వినేవాళ్లకు వెనకటి భాగం ఏదో, తర్వాతది ఏదో తెలిసేది దానివల్లే. తెలుగు పద్యానికి తెలుగు అంకె ఉంటేనే అందం అని మావయ్య పట్టుబట్టారు, అందుకని మొదట్లో అన్నీ అలాగే పెట్టాం, ఆ తర్వాత కొన్నింటికి మామూలు అంకెలు పెట్టి రెండు రకాలూ పక్కపక్కన నడిపాం.

అసలు సంగతి ప్రహ్లాద చరిత్ర దగ్గర బయటపడింది. అది ఏడో స్కంధంలో కథ కదా, టైటిలు “పోతన భాగవతం ౭వ స్కంధం, ప్రహ్లాద చరిత్ర, భాగం ౨” అని ఉండేది. దాని కింద పాలకొండ వైపు నుంచి ఒక పెద్దాయన కామెంటు పెట్టారు: “ఏటి బావూ, రెండో స్కంధం అని పెట్టి ప్రహ్లాదుడి కథ చెప్తన్నారు?” ఆయన భాగవతం బాగా తెలిసిన మనిషి, కథ ఏ స్కంధంలోదో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ౭ ఆయన కంటికి 2లా కనబడింది. ఫోన్లో టైటిలు అక్షరాల సైజులో మీరూ ఒకసారి చూడండి, ౭ తల వంపు, కింద గీత అచ్చం 2 లాగే ఉంటాయి, కన్నడ ఏడు కూడా ఇదే రూపం. అదే టైటిల్లో నిజమైన రెండు, అంటే ౨, చివర్న ఉంది, దాన్నేమో ఆయన అసలు పట్టించుకోలేదు. అంకె తెలియకపోతే మనిషి ఆగి అడుగుతాడు. తెలిసిన ఇంకో అంకెలా కనబడితే మాత్రం అడగడు, తప్పు చదివేసి ముందుకెళ్లిపోతాడు, నాకు ఇదే పెద్ద ఇబ్బంది అనిపించింది.

మావయ్యకి ఈ అంకెలు పరుగులాగా చదవడం వచ్చు, ఎందుకంటే ఆయన పాత అచ్చు పుస్తకాల్లో పద్యాల నంబర్లు వాటితోనే చూశారు. మా అమ్మాయి తెలుగు మీడియంలోనే చదువుతోంది, గడగడా చదువుతుంది, కానీ లెక్కల పుస్తకమూ తెలుగు వాచకంలో పేజీ నంబర్లూ బస్సు మీద నంబరూ అన్నీ మామూలు అంకెలే కావడంతో ౪ చూపిస్తే ఏదో అక్షరం అనుకుంటుంది. ౩ ఒక్కటి 3కి దగ్గరగా ఉండి గట్టెక్కుతుంది. ఒక్క అంకె అయితే ఎలాగో ఊహిస్తారు, ౨౦౨౪ అని సంవత్సరం రాస్తే మాత్రం ఎవరైనా అక్కడ ఆగిపోవాల్సిందే.

ఇక వెతకడం సంగతి. యూట్యూబ్ స్టూడియోలో అనలిటిక్స్‌కి వెళ్లి ట్రాఫిక్ ఎక్కడినుంచి వస్తోందో చూస్తే అందులో యూట్యూబ్ సెర్చ్ అని ఉంటుంది, దాన్ని నొక్కితే జనం ఏ మాటలు కొట్టి మన వీడియోకి వచ్చారో జాబితా వస్తుంది. నేను దాన్ని ఎప్పటికప్పుడు చూస్తూనే ఉంటాను. “prahlada charitra part 2”, “pothana bhagavatam 7”, “ప్రహ్లాద చరిత్ర 2వ భాగం” ఇలాంటివే వస్తాయి. తెలుగు అంకెతో కొట్టినవాళ్లు నాకు ఒక్కరూ కనబడలేదు. ఇది జనానికి భాష మీద అభిమానం లేక కాదు. ఫోన్లో తెలుగు కీబోర్డు తీసినా, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగులోకి మార్చుకున్నా, చేతికి ముందు దొరికేది మామూలు అంకే, ౭ కావాలంటే పని గట్టుకుని వెతుక్కోవాలి. పాట వినడానికి కూర్చున్న మనిషి అంత పని ఎందుకు చేస్తాడు?

ఇందులో ఇంకో కిటుకుంది, చాలామంది గమనించరు. మన జనంలో సగం మంది తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. స్కంధం అనేదాన్ని skandam, skandham, skanda అని ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. తెలుగులో కొట్టినా ఏడో, ఏడవ, సప్తమ అని రకరకాలు. ఇన్ని తేడాల్లో అంకె కొట్టేవాళ్లందరూ ఒకేలా కొట్టేది 7 ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ మనం మార్చేస్తే టైటిలుకీ వాళ్లు కొట్టిన మాటకీ మధ్య ఉన్న ఒకే ఒక్క గట్టి లంకె తెగిపోతుంది. మనిషికి ౭, 7 ఒకటే విలువ, కానీ కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే యూనికోడ్‌లో ౭ది U+0C6D, 7ది U+0037, రెండూ వేరు గుర్తులు. ఒకే అక్షరాన్ని వేరువేరు గుర్తులతో రాసినప్పుడు కలిపే యూనికోడ్ సాధారణీకరణలో కూడా ఒకటి రెండోదిగా మారదు. వెతికే యంత్రం తయారుచేసినవాళ్లు ప్రత్యేకంగా కలిపితేనే కలుస్తాయి, ఆ నమ్మకం మీద టైటిలు రాసుకోలేం.

సున్నా దగ్గర ఇంకో చిక్కు. గజేంద్ర మోక్షం అయ్యాక రుక్మిణీ కల్యాణానికి వచ్చాం, అది పదో స్కంధం. టైటిళ్లు కొట్టడంలో సాయం చేసే కుర్రాడు ౧ పక్కన సున్నా అంకెకి బదులు అనుస్వారం పెట్టేశాడు. తెర మీద ౧౦, ౧ం రెండూ ఒకేలా ఉంటాయి, ఎంత తేరిపార చూసినా తెలియదు. బ్రౌజర్లో Ctrl+F నొక్కి ౧౦ అని సరైన అంకెలతో వెతికితే కొన్ని టైటిళ్ల మీద ఆగకుండా దాటిపోయింది, అలా పట్టుకున్నాను. మామూలు 10 రాస్తే ఈ తలనొప్పే ఉండదు.

పాత వీడియోల్లో మార్చి చూడాలనుకునేవాళ్లకి ఒక్క మాట. టైటిలు మార్చినా లింకు మారదు కాబట్టి భయపడక్కర్లేదు, కానీ టైటిలు ఒక్కటే మార్చండి, థంబ్‌నెయిలూ డిస్క్రిప్షనూ కదపకండి, లేకపోతే దేనివల్ల ఏం జరిగిందో తేలదు. అదే కథలో పక్క భాగం ఒకటి మార్చకుండా ఉంచి, రెండింటికీ సెర్చ్ నుంచి వచ్చేవాళ్లు ఎలా ఉన్నారో కొన్ని వారాలు పోల్చండి. ధనుర్మాసంలోనూ ముక్కోటి ఏకాదశి ముందూ మాత్రం ఈ పరీక్ష పెట్టకండి, ఆ రోజుల్లో భక్తి వీడియోలన్నీ వాటంతట అవే లేస్తాయి, గొప్పంతా అంకెదే అనిపిస్తుంది. మాకు ప్రహ్లాద చరిత్ర భాగాల్లో 7, 2 పెట్టినవాటికి సెర్చ్ నుంచి వచ్చేవాళ్లు పెరిగారు, ౭ ఉంచినవి ఎక్కువగా ప్లేలిస్టు ద్వారానే నడిచాయి. సబ్‌స్క్రైబర్లకి అంకె ఏదైనా ఒకటే, వాళ్లు మావయ్య గొంతు కోసం వస్తారు. తేడా అంతా కొత్తగా వచ్చేవాళ్ల దగ్గరే.

ఇప్పుడు మా పద్ధతి ఇది. టైటిలు “ప్రహ్లాద చరిత్ర, భాగం 2, పోతన భాగవతం 7వ స్కంధం”. ఫోన్లో చివర కోసేస్తుంది కాబట్టి కథ పేరూ భాగం నంబరూ ముందుకి తెచ్చాం. థంబ్‌నెయిల్ బొమ్మ కాబట్టి టైటిలు మాటల్లో దాని లెక్క రాదు, అక్కడ ౭ని నిండుగా వేసి కిందనే “ఏడవ స్కంధం” అని అక్షరాల్లో రాస్తున్నాం. అంకె తెలియనివాళ్లు కింది మాట చూసి పైదాన్ని నేర్చుకుంటున్నారు. తెలుగు అంకెలు చూసి సంతోషం వేసిందని రాసేవాళ్ల కామెంట్లు మునుపటిలాగే వస్తున్నాయి. వీడియో లోపల పద్యం నంబర్లు మాత్రం మావయ్య మాట ప్రకారం తెలుగులోనే వేస్తున్నాం, అక్కడ ఆయన నోటితో నంబరు చదువుతారు కాబట్టి ఎవరికీ తికమక రాదు.