చామోమైల్ టీ లాంటిదే అంటూ అమ్ముతున్నారు: వలేరియన్ క్యాప్సూల్స్ కొనేవాళ్లు ఆగి చదవండి

నిద్ర కోసం ఆన్‌లైన్‌లో "వలేరియన్, చామోమైల్" క్యాప్సూల్స్ కొనాలనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఇలాంటి సీసాలు ఇప్పుడు చాలా పేర్లతో వస్తున్నాయి. ఒక పేరు చెబితే మిగతావన్నీ మంచివే అనుకునే ప్రమాదం ఉంది.

మా ఆయనకి కొంతకాలంగా సరిగ్గా నిద్ర పట్టట్లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్తే నిద్రమాత్రలు రాస్తారని భయపడి, రివ్యూలు చూసి ఒక సీసా తెప్పించుకున్నారు. సీసా మీద పెద్ద చామోమైల్ పువ్వు బొమ్మ, కింద "30 నిమిషాల్లో నిద్ర" అని ఉంది. రాత్రి పదిన్నరకి రెండు క్యాప్సూల్స్ వేసుకున్నారు. పన్నెండున్నర దాకా నిద్ర రాకపోయేసరికి ఇంకో రెండు వేసుకున్నారు. అప్పటికే జలుబుకి సెటిరిజిన్ కూడా వేసుకుని ఉన్నారు. పొద్దున్నే లేచి స్నానం చేసి, కాఫీ తాగి, బండి తీశారు. మాట మామూలుగానే ఉంది, తూలుతున్నట్టు కూడా కనిపించలేదు. మా వీధి చివర యూటర్న్ దగ్గర డివైడర్‌ని రాసుకుంటూ వెళ్లి పడ్డారు. వేగం తక్కువ కాబట్టి మోచేయి గీరుకుపోవడంతో సరిపోయింది. "డివైడర్ కనిపించింది, కానీ చెయ్యి తిప్పడం లేటైంది" అన్నారు.

వెంటనే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. "నేచురల్ కదా మేడమ్, చామోమైల్ టీ లాంటిదే, ఏమీ కాదు. పగలు టెన్షన్‌గా ఉన్నా ఒకటి వేసుకోవచ్చు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. సీసా వెనక్కి తిప్పి చదివితే అసలు సంగతి అక్కడ ఉంది.

ముందువైపు "1000 మి.గ్రా." అని ఉంది. వెనక చిన్న అక్షరాల్లో ఒక్కో క్యాప్సూల్‌లో 250 మి.గ్రా. వలేరియన్ వేరు సారం, నిష్పత్తి 4:1 అని ఉంది. అంటే వెయ్యి మి.గ్రా. వేరు నుంచి తీసిన 250 మి.గ్రా. సారం అన్నమాట. ముందున్న అంకె వేరుది, వెనకున్నది సారానిది. చామోమైల్ 20 మి.గ్రా. మాత్రమే. ఒక కప్పు టీకి వాడే చామోమైల్ పూలు మామూలుగా ఒక గ్రాముకి పైనే ఉంటాయి. అందులో యాభయ్యో వంతు వేసి, బొమ్మ మాత్రం దానిదే వేశారు. ఇక లెక్క చూడండి. నాలుగు క్యాప్సూల్స్ అంటే ఒక్క రాత్రిలో వెయ్యి మి.గ్రా. సారం. యూరప్ మందుల సంస్థ ఈ వేరు ఎండు సారానికి చెప్పే ఒక డోసు 400 నుంచి 600 మి.గ్రా. అది కూడా పడుకునే ముందు అరగంట నుంచి గంట లోపల. 900 మి.గ్రా. దగ్గర పొద్దున్న తల బరువుగా, మత్తుగా ఉండటం పాత అధ్యయనాల్లోనే కనిపించింది.

ఆ "30 నిమిషాల్లో నిద్ర" అన్నమాటే అసలు ముప్పు. వలేరియన్ ప్రభావం నెమ్మదిగా వస్తుంది, వరసగా రెండు నుంచి నాలుగు వారాలు వాడాలి, అప్పటికప్పుడు నిద్రపుచ్చడానికి పనికిరాదు అని యూరప్ వాళ్లే రాశారు. అందుకే రాత్రి నిద్ర రాలేదని డోసు పెంచితే నిద్ర రాదు, మర్నాటి మత్తు మాత్రం వస్తుంది. అసలు దీర్ఘకాలిక నిద్రలేమికి దీన్ని వాడొద్దనే అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2017లో సూచించింది. పని చేస్తుందనే ఆధారాలు బలంగా లేవు.

చామోమైల్‌తో పోల్చడం ఎందుకు తప్పో కూడా చెబుతాను. చామోమైల్‌లో వాడేది పువ్వు, వలేరియన్‌లో వాడేది మొక్క వేరు. మొక్కలు వేరు, కుటుంబాలు వేరు. చామోమైల్ టీ ప్రభావం చాలా తేలిక. నిద్రలేమి తగ్గుతుందనడానికి దానికీ పెద్ద రుజువు లేదు గానీ, దానితో మర్నాటి మత్తు భయం తక్కువ. దాని సమస్యలు వేరే రకం. చామంతి కుటుంబానికి చెందింది కాబట్టి ఆ పూలతో అలర్జీ ఉన్నవాళ్లకి పడకపోవచ్చు. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా తాగకూడదు. వలేరియన్‌లోని వలెరెనిక్ ఆమ్లం మాత్రం మెదడులో గాబా అనే శాంతపరిచే రసాయనం పనిచేసే చోటే పనిచేస్తుంది. అల్ప్రజోలం, క్లోనజెపాం లాంటి మాత్రలు పెంచేదీ ఆ గాబా ప్రభావాన్నే. బలం ఆ మాత్రలంత ఉండదు. కానీ మద్యం, నిద్రమాత్రలు, మత్తునిచ్చే నొప్పి మాత్రలు, జలుబు మాత్రలు తోడైతే మత్తు మీద మత్తు పడుతుంది. మా ఇంట్లో జరిగింది అదేనని మా డాక్టర్ కూడా అన్నారు.

వాసన గురించి ఒక మాట. రివ్యూల్లో చాలామంది "పాడైపోయిన సరుకు, చెమట పట్టిన సాక్సుల కంపు" అని రాస్తున్నారు. అది పాడైన గుర్తు కాదు, వలేరియన్ వేరు వాసనే అంత. కొన్ని సీసాల్లో తగర అని కూడా ఉంటుంది. అది మన హిమాలయాల్లో దొరికే వలేరియన్ రకం. పైన చెప్పిన డోసు యూరప్ మొక్కది, దాన్ని తగరకి అంటగట్టకూడదు. మా సీసాలో ఆ రెండూ కలిపారు, అది ఇంకో గందరగోళం.

పగలు టెన్షన్‌కి వేసుకోవచ్చన్నది పూర్తిగా అబద్ధం కాదు. యూరప్‌లో అలా వాడతారు. కానీ యూరప్ మందుల సంస్థ పత్రంలోనే మత్తు వచ్చినవాళ్లు బండి నడపకూడదు, యంత్రాల దగ్గర పని చేయకూడదు అని ఉంది. ఆ సగం ఎవరూ చెప్పరు. మత్తుంటే మనకి తెలిసిపోతుందిలే అనుకోవద్దు. తెలివిగా ఉన్నట్టే ఉంటుంది గానీ చెయ్యి లేటవుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మర్నాడు బండి తీయాల్సిన పని లేని రాత్రి చూసుకోవాలి.

ఎంతకాలం వాడొచ్చు అంటే, అధ్యయనాల్లో సురక్షితమని కాస్త తెలిసింది ఆరు వారాల వరకే. మా సీసాలో 120 క్యాప్సూల్స్ ఉన్నాయి. రోజుకి రెండు చొప్పున రెండు నెలలు. "మూడు సీసాల ప్యాక్" ఆఫర్ తీసుకుంటే ఆరు నెలలు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పన్నెండేళ్లలోపు పిల్లలు అసలు వాడకూడదు. లివర్ దెబ్బతిన్న కేసులు అరుదుగా ఉన్నాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి డాక్టర్‌కి చూపించాలి. చాలాకాలంగా ఎక్కువ డోసు వాడుతున్నవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపకుండా తగ్గిస్తూ రావాలి. ఏళ్ల తరబడి పెద్ద డోసుల్లో వాడి, ఆపరేషన్ కోసం ఒక్కసారిగా ఆగిపోయిన ఒకాయనకి గుండె ఇబ్బంది, మతిభ్రమ వచ్చినట్టు 1998లో అమెరికా వైద్య పత్రికలో ఒక కేసు వచ్చింది. కారణం వలేరియనే అని ఖాయంగా తేల్చలేదు. ఆపరేషన్ ఉంటే ఎనస్తీషియా డాక్టర్‌కి దీని సంగతి ముందే చెప్పండి.

సీల్ తీశారని మా సీసాకి రిటర్న్ ఇవ్వలేదు. మీకు ఇలా జరిగితే సీసాకి అన్ని వైపులా ఫోటోలు తీసి, బ్యాచ్ నంబర్ రాసుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. దుష్ఫలితం గురించి చెప్పడానికి మందుల దుష్ఫలితాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ నంబర్ 1800-180-3024 ఉంది. అప్పుడు ఏమేం మందులు వేసుకున్నారో, ఎన్ని గంటలకి వేసుకున్నారో వరసగా రాసిపెట్టుకోండి.