పచ్చి తూకమా, వండిన తూకమా: ఏడాదిన్నర కాటా వాడాక

వంటింటి డిజిటల్ కాటా కొని ఏడాదిన్నర అయింది. దాని బ్యాటరీ, పళ్లెం, ఎంతవరకు తూస్తుంది అన్నవి అందరూ రాసేశారు. నేను ఒక్క సంగతే చెప్తాను: ఆదివారం చికెన్ కూరలో నా కంచంలోకి వచ్చిన ముక్కలకి ఎంత ప్రోటీన్ రాసుకోవాలి? ఈ లెక్క నాలుగు నెలలు తప్పు వేశాను. ఆ కోపం నాకింకా పోలేదు.

మాది గుంటూరు, బ్రాడీపేట. మోకాలి ఆపరేషన్ తర్వాత తొడలో కండ తగ్గిపోయిందని రోజుకి 80 గ్రాముల ప్రోటీన్ తినమన్నారు. ఫోన్లో ఒక యాప్ పెట్టుకున్నాను. చికెన్ అని కొడితే 100 గ్రాములకి 31 అని చూపించేది. కంచంలో ముక్కలు 195 గ్రాములు తూగితే 60 గ్రాముల ప్రోటీన్ అని రాసుకుని, ఆ పూటకి చాలులే అని పప్పు, పెరుగు తగ్గించేదాన్ని.

ఒక ఆదివారం ఊరికే నలుగురి కంచాలూ తూచాను. నేను, మా వారు, అబ్బాయి, అత్తయ్య, అందరివీ కలిపి ముక్కలు 780 గ్రాములు. యాప్ లెక్కన 240 గ్రాముల ప్రోటీన్! తెచ్చింది స్కిన్‌లెస్ కర్రీ కట్ కిలో. పచ్చి కోడి మాంసంలో 100 గ్రాములకి ప్రోటీన్ భాగాన్ని బట్టి 18 నుంచి 22 దాకా ఉంటుంది. కిలో అంతా ఎముక లేని మాంసమే అనుకున్నా 200 చుట్టూ ఆగాలి. మరి పైన ఆ నలభై ఎక్కడివి? పొయ్యి మీద ప్రోటీన్ పుట్టదు కదా.

తిన్నాక అందరి కంచాల్లోని ఎముకలు ఏరి, కడిగి, ఆరబెట్టి తూచాను. 240 గ్రాములు. అప్పుడర్థమైంది. యాప్‌లోని 31 ఎముకా చర్మం లేకుండా వండిన రొమ్ము ముక్కది. నేను దాన్ని ఎముకతో ఉన్న తొడ, వీపు ముక్కలకి అంటించాను. కోడి ఉడికేటప్పుడు నీరు వదిలి పావు వంతు దాకా బరువు తగ్గుతుంది, ప్రోటీన్ మాత్రం దాదాపు అంతా ఉండిపోతుంది. అందుకే వండిన 100 గ్రాముల్లో అంకె పెద్దదిగా కనిపిస్తుంది.

అప్పట్నుంచి పచ్చి తూకమే పట్టుకున్నాను. కడిగిన ముక్కలు చిల్లుల గిన్నెలో నీరోడ్చి, ఉప్పూ పెరుగూ పట్టించక ముందే తూస్తాను. ఉడికిన ఎముక కూడా కాస్త నీరు వదులుతుంది కాబట్టి పచ్చిలో 280 ఉంటుందనుకుని కిలోలోంచి తీసేశాను. మాంసం 720. వందకి 20 చొప్పున 144 గ్రాములు. వండాక ముక్కల మొత్తం 780, నా వంతు 195, అంటే సరిగ్గా పావు. నాకు వచ్చింది 36 గ్రాములు, 60 కాదు. ముక్కలోంచి కొంచెం గ్రేవీలోకి దిగుతుంది కానీ అదీ అన్నంలో కలుపుకుంటాం కనక విడిగా చూడను. గ్రేవీ బరువు మాత్రం లెక్కలోకి రానివ్వకూడదు. ఒక వారం నీళ్లెక్కువ పోస్తాం, ఒక వారం ఇగరబెడతాం.

వేపుడు చేసినప్పుడు ఈ పద్ధతి విలువ బాగా తెలిసింది. అదే కిలో వేపితే ముక్కలు 640 గ్రాములే వచ్చాయి. వండిన తూకం పట్టుకుంటే కూరకో అంకె, వేపుడుకో అంకె కావాలి. పచ్చి తూకానికి రెండూ ఒకటే.

మొదట్లో ఈ కాటా కొనమని మా చుట్టాలందరికీ చెప్పాను. ఇప్పుడైతే కాస్త ఆలోచించి చెప్తాను. రెండు నిమిషాలకి దానంతటదే ఆరిపోతుంది, గిన్నె బరువు తీసేసిన సున్నా కూడా పోతుంది. ముక్కలు ఏరే లోపే రెండుసార్లు అలా జరిగి, ఖాళీ గిన్నెల బరువులు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. వేడి గిన్నె నేరుగా పెడితే అంకె నిలవదు, కింద చెక్కపలక వేయాలి.

మా ఇంట్లో వారానికొకసారే చికెన్, కిలోయే, అందరం కలిసి తింటాం కాబట్టి ఇది నాకు కుదిరింది. మెస్ నుంచి కూర తెచ్చుకునేవాళ్లకి పచ్చి తూకం ఎలాగూ దొరకదు. వాళ్లు ఎముక వలిచి మాంసం మాత్రం తూచి, వందకి 26 వేసుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

నాకూ ఒక్కోసారి అదే చేయాల్సి వస్తుంది. లెగ్ ముక్కలు అబ్బాయికి పోతే మెడ, వీపు ముక్కలు నాకు మిగులుతాయి. వాటిలో ఎముకే ఎక్కువ. మొన్న అలాగే 195 గ్రాముల్లో ఎముకలే 80 వచ్చాయి. మిగిలిన 115కి ప్రోటీన్ 30 గ్రాములు. తగ్గిన ఆ ఆరు గ్రాములకి రాత్రి ఇంకో గుడ్డు ఉడకేసుకున్నాను.