తిరిగే వేదికపై లోపలికి నడక: ఏ నిత్యత్వ నియమం వాడాలి?

100 కిలోల, 2 మీటర్ల వ్యాసార్థం గల వృత్తాకార పళ్ళెం, అంచున నిలబడిన 50 కిలోల మనిషితో కలిసి సెకనుకు 1.5 రేడియన్ల కోణీయ వేగంతో స్వేచ్ఛగా తిరుగుతోందనుకుందాం. పళ్ళెం జడత్వ భ్రామకం 200, మనిషిది 200, మొత్తం 400 కి.గ్రా.మీ². అతడు కేంద్రానికి 1 మీటరు దూరం వరకు నడిచి వస్తే మొత్తం 250కి తగ్గుతుంది.

గతిశక్తి మారదనుకుని లెక్కిస్తే కొత్త వేగం దాదాపు 1.9 వస్తుంది, చాలామంది పొరబడేది ఇక్కడే. కోణీయ ద్రవ్యవేగం మారదని తీసుకుంటే 400 × 1.5 = 250 × ω, అంటే ω = 2.4. ఇదే సరైనది, ఎందుకంటే ఇరుసు చుట్టూ బాహ్య టార్క్ లేదు. గతిశక్తి మాత్రం 450 నుంచి 720 జౌళ్ళకు పెరుగుతుంది, ఆ అదనపు 270 జౌళ్ళు లోపలికి అడుగు వేయడంలో అతడి కాళ్ళు చేసిన పని. ఇరుసులో ఘర్షణ చెప్పుకోదగినంత ఉంటే ఈ రెండో లెక్క కూడా కొంత ఎక్కువే చూపుతుంది.