ప్రొటీన్‌ని గట్టిపరచాలంటే గ్లైసీన్ తీసేయాలా, ప్రోలీన్ పెట్టాలా?

కాస్త వేడి తగలగానే విప్పుకుపోయే ప్రొటీన్ ఒకటి ఉంది. అది చేసే పని చెడకుండా దాన్ని గట్టిపరచాలి. గొలుసు వెన్నెముకని బిగించి ఈ పని చేయాలంటే రెండు దారులున్నాయి. ఎక్కడో ఉన్న గ్లైసీన్‌ని తీసి అలనీన్ పెట్టొచ్చు. లేదా ఇంకో చోట ఉన్న అమైనో ఆమ్లాన్ని తీసి ప్రోలీన్ పెట్టొచ్చు. రెండింటి వెనకా ఉన్న సూత్రం ఒకటే, కానీ తేడా వచ్చినప్పుడు తగిలే దెబ్బ మాత్రం ఒకేలా ఉండదు.

సూత్రం పక్కపక్క అమైనో ఆమ్లాల్ని కలిపే పెప్టైడ్ బంధం దగ్గర మొదలవుతుంది. నైట్రోజన్ మీద ఉన్న ఒంటరి ఎలక్ట్రాన్ జంట దాని దగ్గరే ఉండిపోదు, పక్కనున్న కార్బొనైల్ వైపు కూడా పరుచుకుంటుంది. అందుకే C–N బంధం పొడవు 1.33 ఆంగ్‌స్ట్రామ్‌లు. మామూలు ఏకబంధమైతే సుమారు 1.47, ద్విబంధమైతే సుమారు 1.27 ఉండేది. అంటే ఇది సగం దారిలో ఆగిన ద్విబంధం. దీన్ని మెలితిప్పాలంటే ఆ ఎలక్ట్రాన్ల పంపకాన్ని తెంచాలి, అందుకు మోల్‌కి సుమారు 20 కిలో కేలరీలు కావాలి. గది ఉష్ణోగ్రత దగ్గర అణువుల కదలిక నుంచి దొరికే శక్తి అంచనాగా 0.6 మాత్రమే. కాబట్టి రెండు ఆల్ఫా కార్బన్లు, వాటి మధ్యనున్న C, O, N, H, మొత్తం ఆరు పరమాణువులూ దాదాపు ఒకే తలంలో ఉండిపోతాయి. ఈ బంధం ఎంత మెలితిరిగిందో చెప్పే ఒమేగా కోణం 180 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. అయిదారు డిగ్రీలు అటూ ఇటూ కావడం మామూలే, కాబట్టి ఇది గీత గీసినంత చదునేమీ కాదు.

గొలుసుని మూలల దగ్గర పిన్నుతో కలిపిన పేక ముక్కల వరుస అనుకోండి. ముక్క వంగదు, తిరగడమంతా పిన్ను దగ్గరే. ఇక్కడ పిన్ను ఆల్ఫా కార్బన్. దానికి ఒక పక్క తిరిగే కోణం ఫై, రెండో పక్కది సై. అసలు ఇబ్బంది ఎక్కడంటే, ముక్క గట్టిది కాబట్టి దాని అంచున ఉన్న O, H కూడా దాంతోపాటే తిరగాలి, పక్కకి తప్పుకునే వీలుండదు. ఫై 0, సై 180 పెట్టి చూడండి. ముందు ముక్కలోని ఆక్సిజన్, తర్వాతి ముక్కలోని ఆక్సిజన్ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఇలాంటి ఢీకొట్టుళ్లన్నీ లెక్కగట్టి, ఏ కోణాలు కుదురుతాయో మద్రాసు విశ్వవిద్యాలయంలో రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ 1963లో పటం గీశారు. పక్కగొలుసులో మొదటిదైన బీటా కార్బన్ ఉన్న అమైనో ఆమ్లాలకి ఆ పటంలో మిగిలేవి కొన్ని ముక్కలే: ఆల్ఫా హెలిక్స్ అనే మెలిక చుట్ట ఉండే (-60, -45) ప్రాంతం, బీటా పోగులు ఉండే (-120, 130) ప్రాంతం, ఇంకా ఎడమచేతి వైపు తిరిగే హెలిక్స్ ఉండే ఒక చిన్న మరక.

గ్లైసీన్‌కి బీటా కార్బన్ లేదు. అందుకని దాని పటం చాలా విశాలం, ఫై ధన విలువల్లో ఉన్నా దానికి అభ్యంతరం లేదు. ప్రోలీన్ దీనికి సరిగ్గా ఎదురు. దాని పక్కగొలుసు తిరిగొచ్చి తన నైట్రోజన్‌కే అతుక్కుంటుంది, దాంతో ఫై -65 చుట్టుపక్కల ఇరుక్కుపోతుంది.

ఇది స్థిరత్వంగా ఎలా మారుతుంది? ముడుచుకున్న ప్రొటీన్‌లో ఆ చోట కోణాలు ఎలాగూ స్థిరంగానే ఉంటాయి. విప్పుకున్న గొలుసుకే స్వేచ్ఛ ఎక్కువ, ముడుచుకోవాలంటే ఆ స్వేచ్ఛని వదులుకోవాలి. ముందే స్వేచ్ఛ తక్కువున్న అమైనో ఆమ్లాన్ని పెడితే వదులుకోవాల్సింది తగ్గుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, విప్పుకున్న స్థితిలో సాధ్యమయ్యే భంగిమలు సగానికి తగ్గితే సుమారు 0.4 కిలో కేలరీలు కలిసొస్తాయి. అయిదో వంతుకి తగ్గితే దాదాపు 1.

ఈ ఆలోచనని మాథ్యూస్, నికల్సన్, బెక్టెల్ 1987లో టీ4 లైసోజైమ్ అనే ఎంజైమ్ మీద ప్రయత్నించారు. ఒక మార్పు G77A, అంటే 77వ స్థానంలోని గ్లైసీన్ పోయి అలనీన్ వచ్చింది. రెండోది A82P, 82వ స్థానంలోని అలనీన్ బదులు ప్రోలీన్. రెండూ ప్రొటీన్‌ని వేడికి మరింత ఓర్చుకునేలా చేశాయి, ఎంజైమ్ పని మాత్రం తగ్గలేదు. ఇలాంటి ఒక్కో మార్పు నుంచి సుమారు 1 కిలో కేలరీ ఆశించవచ్చని వాళ్ల అంచనా. స్ఫటిక నిర్మాణాలు చూస్తే ప్రోలీన్ పెట్టినది అసలు ఎంజైమ్‌తో దాదాపు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. గ్లైసీన్ తీసిన దాంట్లోనే ఆ చుట్టుపక్కల కొద్దిగా సర్దుబాట్లు జరిగాయి. ప్రోలీనే ఎక్కువ గొడవ చేస్తుందనుకునేవాళ్లకి ఇది ఆశ్చర్యమే.

అలాగని ప్రోలీన్‌ని ఎక్కడ పడితే అక్కడ పెట్టడానికి లేదు. 82వ స్థానం హెలిక్స్ మొదలయ్యే చోటు. హెలిక్స్‌లో ప్రతి N–H నాలుగు స్థానాల వెనకున్న C=O తో హైడ్రోజన్ బంధం కడుతుంది, మొదటి మలుపులోని N–H లకి మాత్రం హెలిక్స్‌లో వెనక ఆ తోడు ఉండదు. ప్రోలీన్‌కి N–H లేదు కాబట్టి అక్కడ పోయేదేమీ లేదు. అదే ప్రోలీన్‌ని హెలిక్స్ నడుమ పెట్టండి, బంధం పోతుంది, ఉంగరం వెనక మలుపు వెన్నెముకకి తగులుతుంది. అలనీన్‌తో పోలిస్తే నష్టం 3 కిలో కేలరీల వరకు ఉంటుంది. ఒక కిలో కేలరీ కోసం వెళ్లి మూడు పోగొట్టుకోవడమన్నమాట.

అందుకే ప్రోలీన్‌కి పరీక్షలు ఎక్కువ. ఆ చోట ఫై ఇప్పటికే -50, -80 మధ్య ఉండాలి. N–H కి బంధం ఉండకూడదు. దాని ముందున్న అమైనో ఆమ్లం కోణాలు కూడా చూడాలి, ఇది చాలామంది మర్చిపోయే సంగతి. ప్రోలీన్ ఉంగరం ముందువాడి మీద ఒత్తుకుంటుంది కాబట్టి ఆ ముందువాడు బీటా వైపు కోణాల్లో ఉంటే హాయి, ఆల్ఫా కోణాల్లో ఉంటే ఇరుకు.

గ్లైసీన్ విషయంలో మొదటి ప్రశ్న ఒక్కటే: ఫై ధనమా, రుణమా? హెలిక్స్ నడుమ -60 దగ్గరున్న గ్లైసీన్ అయితే, బీటా కార్బన్‌కి చోటుందో లేదో చూసుకుని మార్చేయొచ్చు. మలుపులో +60 నుంచి +90 మధ్యనున్న గ్లైసీన్‌ని ముట్టుకోకూడదు. అది అక్కడ ఉండడానికి కారణమే ఆ కోణం. అలనీన్ పెడితే లాభం పోయి మోల్‌కి ఒక కిలో కేలరీ దాకా ఎదురు నష్టం రావచ్చు.

నన్నడిగితే ముందు గ్లైసీన్లతోనే మొదలుపెడతాను. తప్పు చోట మార్చినా ప్రొటీన్ సాధారణంగా బతికి బయటపడుతుంది. అన్ని పరీక్షలూ నెగ్గిన చోటు దొరికితే అప్పుడు ప్రోలీన్. అలాంటి చోట్లు తక్కువే, కానీ దొరికితే వచ్చే లాభం శుభ్రంగా వస్తుంది.

ప్రోలీన్ పెట్టాక ద్రవీభవన ఉష్ణోగ్రత, అంటే ప్రొటీన్ సగం విప్పుకుపోయే వేడి, ఒక్కటే చూసి ఊరుకుంటే సగం సంగతి దాగిపోతుంది. మామూలు పెప్టైడ్ బంధాలు దాదాపు అన్నీ ఒమేగా 180 దగ్గరుండే ట్రాన్స్‌లోనే ఉంటాయి, ప్రోలీన్ ముందున్న బంధాలు మాత్రం సుమారు 5 శాతం దాకా ఒమేగా 0 దగ్గరుండే సిస్‌లో కనిపిస్తాయి. విప్పుకున్న గొలుసులో ఆ వాటా ఇంకా ఎక్కువ. ట్రాన్స్ కావాల్సిన చోట సిస్‌లో చిక్కుకున్న అణువులు మళ్లీ ముడుచుకోవాలంటే ఆ 20 కిలో కేలరీల గట్టు దాటాలి, దానికి పదుల సెకన్లు పట్టొచ్చు. విప్పిన ప్రొటీన్ మళ్లీ ముడుచుకుంటుండగా, హెలిక్స్ ఎంతుందో కాంతితో చెప్పే సర్క్యులర్ డైక్రోయిజమ్ సంకేతాన్ని 222 నానోమీటర్ల దగ్గర కాలంతోపాటు గీస్తే, చాలావరకు గబుక్కున మారి మిగతా కాస్త నెమ్మదిగా పాకే గీత కనిపిస్తుంది. సిస్, ట్రాన్స్ మార్పుని వేగవంతం చేసే ప్రోలిల్ ఐసోమెరేజ్ ఎంజైమ్ కొద్దిగా కలిపి చూడండి. ఆ పాకుడు వేగం పుంజుకుంటే కారణం కొత్త ప్రోలీనే కావచ్చు. అసలు ప్రొటీన్‌తో ఇదే పరీక్ష పక్కన పెట్టి పోల్చుకుంటే, పాత ప్రోలీన్ల వాటా ఎంతో విడిగా తెలిసిపోతుంది.