బిల్లు నెంబరులో ఉన్నది ‘ఓ’నా, సున్నానా? ఒకే సరుకుకు రెండుసార్లు డబ్బు కట్టాం, జాగ్రత్త

కర్నూలులో బోరు పైపులు, ఫిట్టింగులు అమ్మే చిన్న దుకాణం మాది. అనంతపురం డీలరు ఒకరి నుంచి తెప్పించిన 16,000 రూపాయల సరుకుకు, 18 శాతం జీఎస్టీతో కలిపి 18,880 రూపాయలను మేము రెండుసార్లు చెల్లించాము. కారణం బిల్లు నెంబరులోని ఒకే ఒక్క అక్షరం.

బిల్లు నెంబరు RO0117. అందులో రెండవది ‘ఓ’ అక్షరం, మూడవది సున్నా. ప్రింటులో రెండూ ఒకే కోడిగుడ్డు ఆకారంలో పడడంతో, మా గుమాస్తా దానిని R00117 అని పద్దులో రాసి, అదే నెంబరు చూపించి డబ్బు పంపించాడు. మరుసటి నెల 14వ తేదీన, డీలర్లు మా పేరున చూపిన బిల్లుల జాబితా అయిన GSTR-2B తెరిచి చూస్తే అందులో RO0117 ఉంది. పద్దులో ఆ నెంబరు కనబడలేదు కనుక, ఎక్కించడం మరచిపోయిన బిల్లు అనుకొని మళ్లీ ఎక్కించాడు. ఇంతలో డీలరు మనుషులు RO0117 బాకీ ఉందని ఫోను చేశారు. మేము పంపిన డబ్బు వారి ఖాతాలో ఏ బిల్లుకూ జతపడక అడ్వాన్సుగా పడి ఉందట. మేమూ పద్దు చూసి, బాకీ నిజమేనని నమ్మి కట్టేశాము. 2,880 రూపాయల ఇన్‌పుట్ క్రెడిట్ కూడా రెండుసార్లు తీసుకున్నట్లు తేలి, ఒకటి వెనక్కి ఇచ్చాము. డీలరు నగదు తిరిగి ఇవ్వలేదు, తరువాతి లోడులో సర్దాడు.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ నెంబరులో ఇటువంటి పొరపాటు సులభంగా పట్టుబడుతుంది. దాని 15 స్థానాలలో మొదటి రెండు రాష్ట్రపు అంకెలు (మనకు 37), తరువాతి పదీ పాన్ నెంబరు, చివరిది సరిచూసుకొనే గుర్తు. ఎక్కడ అక్షరం, ఎక్కడ అంకె రావాలో చాలావరకు ముందే నిర్ణయమై ఉంటుంది. బిల్లు నెంబరుకు అటువంటి కాపలా లేదు. 16 స్థానాలు మించకుండా అక్షరాలు, అంకెలు, అడ్డగీత, వాలుగీత ఎలా కలిపినా చెల్లుతుంది. అందుచేత RO0117, R00117 రెండూ సక్రమమైన, వేర్వేరు నెంబర్లే.

అనుమానం వచ్చినప్పుడు కంటిని నమ్మవద్దు. పీడీఎఫ్ బిల్లు తెప్పించుకొని, నెంబరును కాపీ చేసి ఎక్సెల్‌లో A2 గడిలో అతికించి, రెండవ స్థానాన్ని ఇలా అడగండి:

```
=CODE(MID(A2,2,1))
```

79 వస్తే పెద్ద ‘ఓ’, 48 వస్తే సున్నా. ఒకటికి 49, చిన్న ‘ఎల్’కు 108, పెద్ద ‘ఐ’కి 73 వస్తాయి. ఏరియల్ అక్షరాలలో ఈ చివరి రెండూ దాదాపు ఒకే నిలువుగీతగా కనిపిస్తాయి. ఫోటో తీసిన బిల్లుకు ఈ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే ఫోటో నుంచి అక్షరాలను పట్టే యాప్ కూడా మా గుమాస్తాలాగే పొరబడవచ్చు. అప్పుడు డీలరుకు ఫోను చేసి “ఆర్, ఓ, సున్నా” అని ఒక్కొక్కటిగా పలికించుకోవాలి.

GSTR-2Bలో కొత్త బిల్లు కనబడితే, ఎక్కించే ముందు అదే డీలరు పేరున అదే తేదీ, అదే మొత్తంతో పద్దులో మరొకటి ఉందేమో వెదకండి. మా రెండు పద్దులలోనూ తేదీ, 18,880 ఒక్కటే. నెంబరుతో మాత్రమే వెదికినందువల్ల అది మాకు కనబడలేదు.